కేస్ స్టడీ తిరిగి వస్తే కోర్సు పోదు

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ నాలుగో సెమిస్టర్ చదువుతోంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. పురుగుల మందు తాగిన రోగి మీద కేస్ స్టడీ రాస్తే, అంతా పుస్తకంలో ఉన్నదే దింపేసిందని, పైగా రోగి వివరాలన్నీ బయటపెట్టిందని మేడం తిరిగి ఇచ్చేశారట. అమ్మాయి రెండు రోజులుగా ఏడుస్తోంది. కోర్సుకు ఏమైనా అవుతుందా? తెలిసిన ఒకాయన ఇరవై వేలు ఇస్తే అదే కేసు బాగా రాయించి, అమ్మాయి పేరుతో జర్నల్‌లో వేయిస్తానంటున్నాడు. విదేశాలకు వెళ్లేటప్పుడు పనికొస్తుందట. ఆ డబ్బు దానికి పెట్టమంటారా, జర్మన్ భాష నేర్పించమంటారా? - ఒక తండ్రి

జవాబు: కోర్సుకు ఏమీ కాదండీ. ముందు ఆ మాట అమ్మాయికి చెప్పండి. మేడం ఆ రికార్డును తిరిగి ఇచ్చారంటే దాన్ని చదివారని అర్థం. చదవకుండా సంతకం పెట్టే చోట ఈ తప్పులు నాలుగేళ్లూ అలాగే సాగిపోతాయి. మళ్లీ రాయమన్నారు, రాస్తుంది, అంతే. ఇలాంటి ఉత్తరాలు ప్రతి ఏడాదీ వస్తుంటాయి. అన్నింటి అడుగునా ఉండే భయం ఒక్కటే: తెలుగు మీడియం పిల్ల, సొంతంగా ఇంగ్లీషులో రాయలేదేమో, ఈ చదువుకు సరిపోదేమో అని. మీ అమ్మాయి పుస్తకం దింపింది కూడా ఆ భయంతోనే అయ్యుంటుంది. దొంగతనం చేయాలని కాదు, తన వాక్యం కంటే పుస్తకంలోని వాక్యం భద్రమనుకుని.

ఆమె చేయాల్సింది ఏమిటో ఆ కేసుతోనే చెబుతాను. నర్సింగ్ కేస్ స్టడీలో 'బుక్ పిక్చర్', 'పేషెంట్ పిక్చర్' అని పక్కపక్కన రెండు గడులు ఉంటాయి. పుస్తకం ఈ జబ్బుకు ఏ లక్షణాలు చెబుతుందో మొదటి గడిలో, మన రోగిలో ఏవి కనిపించాయో రెండో గడిలో రాయాలి. చాలామంది విద్యార్థులు మొదటి గడిని అక్షరం పొల్లుపోకుండా దింపి, రెండో గడిలో వరుసగా 'ఉంది, ఉంది, ఉంది' అని నింపేస్తారు. పుస్తకంలోని లక్షణాలన్నీ ఒక్క మనిషిలో, ఒకే రోజున కనిపించడం అరుదు. మేడం అక్కడే పట్టుకుంటారు.

ఆర్గనోఫాస్ఫేట్ రకం పురుగుల మందు తాగిన రోగినే తీసుకుందాం. కంటిపాపలు సూదిమొనల్లా చిన్నవవుతాయని, లాలాజలం కారుతుందని, చెమటలు పడతాయని, గుండె వేగం తగ్గుతుందని, కండరాలు సన్నగా అదురుతాయని పుస్తకం చెబుతుంది. అదంతా మందు తాగిన తొలి గంటల సంగతి. మీ అమ్మాయి ఐసీయూలో ఆ రోగిని చూసింది మూడో రోజున అనుకుందాం. అప్పటికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఎక్కుతూ ఉంటుంది. దాని ప్రభావంతో నాడి 120 దాటి ఉండొచ్చు, నోరు ఎండిపోయి ఉండొచ్చు, పాపలు పెద్దవై ఉండొచ్చు. పేషెంట్ పిక్చర్‌లో మాత్రం 'గుండె వేగం తగ్గింది, ఉంది' అని రాసి, నాలుగు పేజీల తర్వాత చార్టులో నాడి 124 అని వేస్తే, ఆ రెండింటిలో ఏది నిజం? పుస్తకం దింపినప్పుడు రోగి ఇలా మాయమవుతాడు. కాపీ కొట్టడం తప్పనడానికి నా దృష్టిలో మొదటి కారణం ఇదే, కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ చూపే సారూప్య శాతం కాదు.

ఇక రాయాల్సిన తీరు. పుస్తకంలో ఆ భాగం చదివి, మూసేయాలి. చార్టు, తన నోట్సు ముందు పెట్టుకుని, ఈ రోగిలో ఏది ఉంది, ఏది లేదు, లేకపోతే ఎందుకు లేదు అన్న మూడు సంగతులే రాయాలి. 'చేర్చినప్పుడు పాపలు సూదిమొనల్లా ఉన్నాయని కేస్‌షీట్‌లో ఉంది. మూడో రోజున నేను చూసినప్పుడు పెద్దవిగా ఉన్నాయి. అప్పటికి అట్రోపిన్ నడుస్తోంది.' ఈ మూడు వాక్యాలను ఇంగ్లీషులో రాయడానికి పదో తరగతి భాష చాలు. వీటిలో ఇంకో సుగుణం కూడా ఉంది: కేస్‌షీట్ నుంచి తీసుకున్నదేదో, తను కళ్లారా చూసిందేదో విడివిడిగా చెబుతున్నాయి. డాక్టరు రాసిన నోట్సునో, రాత్రి డ్యూటీ సిస్టర్ రాసిన నోట్సునో తన పరిశీలనగా దించడం కూడా కాపీయే. పుస్తకం విషయంలో జాగ్రత్తపడే పిల్లలు కూడా ఇక్కడ జారిపోతారు. తాను కొలవని బీపీని తాను కొలిచినట్టు రాస్తారు.

పుస్తకంలోని వాక్యాన్ని తీసుకుని నాలుగు పదాలు మార్చడం వల్ల ఉపయోగం లేదు. వాక్యం ఎముకలు పుస్తకానివే. మూలం నంబరు వేసినా, మాటలు తనవి కాకపోతే అవి కొటేషన్ గుర్తుల్లో ఉండాలి. నర్సింగ్ డయాగ్నసిస్ పేర్లు, మందుల పేర్లు, మోతాదులు మార్చాల్సిన పని లేదు. అవి అందరివీ. 'స్రావాల వల్ల శ్వాసమార్గం శుభ్రపడకపోవడం' అన్న డయాగ్నసిస్ పేరు ఎవరు రాసినా ఒకటే. దాని కింద ఈ రోగికి ఎన్నిసార్లు సక్షన్ చేసి స్రావాలు తీశారు, ఆ తర్వాత ఛాతీ శబ్దాలు ఎలా మారాయి అన్నది మాత్రం పుస్తకంలో దొరకదు.

ఈ కేసులో నర్సు మాత్రమే రాయగలిగిన సంగతి ఒకటుంది. మందు తాగిన ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య, తొలి లక్షణాలు తగ్గి రోగి కోలుకుంటున్నాడనుకునే సమయంలో, కొందరికి మెడ కండరాలు, ఊపిరి తీసే కండరాలు బలహీనపడతాయి. దీన్ని ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అంటారు. అట్రోపిన్ దీన్ని ఆపలేదు. సకాలంలో గుర్తించి, అవసరమైతే వెంటిలేటర్ పెట్టకపోతే ప్రాణం పోవచ్చు. తొలి గుర్తు చాలాసార్లు మంచం పక్కనే దొరుకుతుంది: దిండు మీది నుంచి తల ఎత్తమంటే రోగి ఎత్తలేడు. మీ అమ్మాయి ఆ పరీక్ష చేసిందా, చేస్తే ఏం కనిపించింది, ఎవరికి చెప్పింది? తల ఎత్తగలిగినా అది రాయాల్సిన విషయమే. ఆ ఒక్క పేరా మిగిలిన పది పేజీల కంటే విలువైనది.

ఇప్పుడు రోగి వివరాల సంగతి. ఇందులో తప్పంతా అమ్మాయిదే అనను. చాలా కాలేజీల ఫార్మాట్‌లో మొదటి పేజీలోనే పేరు, ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే ఐపీ నంబరు, వార్డు, బెడ్ నంబరు, చిరునామా, మతం, ఆదాయం అంటూ గడులుంటాయి. గడి ఉంటే పిల్లలు నింపుతారు. రికార్డులో 'రోగి ఎ' అని రాసి, సరిచూడటానికి ఐపీ నంబరు కావాలంటే మేడం దగ్గర విడిగా ఉంచితే సరిపోతుందా అని మీ అమ్మాయి అడగవచ్చు. పేరులోని పొడి అక్షరాలు కూడా వద్దు. ఊరు, వార్డు తెలిసినవారికి అవి చాలు.

అన్నిటికంటే ముఖ్యంగా, పేరు తీసేస్తే మనిషి దాగడు. 'ఫలానా మండలానికి చెందిన 34 ఏళ్ల మిర్చి రైతు, ఫలానా తేదీన, అప్పుల గొడవతో మందు తాగాడు' అన్న వాక్యంలో పేరు లేదు. కానీ ఆ ఊరివాళ్లెవరైనా వెంటనే గుర్తుపడతారు. మొదటి పేజీ మీద కాలేజీ పేరు, పోస్టింగ్ తేదీలు ఎలాగూ ఉంటాయి కాబట్టి ఆసుపత్రి కూడా తెలిసిపోతుంది. అందుకే తేదీల బదులు 'మొదటి రోజు, మూడో రోజు' అని రాయాలి. ఊరు తీసేయాలి. వయసు 'ముప్పైలలో' అంటే చాలు. 'వ్యవసాయ పురుగుమందు, ఉద్దేశపూర్వకంగా' అన్నది చికిత్సకు, తర్వాతి కౌన్సెలింగ్‌కు అవసరం, ఉంచాలి. అప్పు ఎవరి దగ్గర, గొడవ ఎవరితో అన్నది అనవసరం.

ఒక హెచ్చరిక: దాచడమంటే అబద్ధం రాయడం కాదు. గుర్తుపట్టకూడదని మగవాడిని ఆడమనిషి చేయడం, 34 ఏళ్లను 50 చేయడం కేసును తారుమారు చేయడమే. ఆ వయసు, ఆ బరువు చూసే మోతాదు అర్థమవుతుంది. అనవసరమైనది వదిలేయాలి, ఉన్నదాన్ని మార్చకూడదు. ఫోటో పెట్టి కళ్ల మీద నల్ల పట్టీ వేస్తే సరిపోతుందన్న నమ్మకం కూడా వదులుకోవాలి. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ అది చాలదని స్పష్టంగానే చెబుతుంది. ఎక్స్‌రే ఫిల్ము మూలన, ఈసీజీ కాగితం పైన పేరు అచ్చై ఉంటుంది. అదీ చూసుకోవాలి.

ఇక ఆ ఇరవై వేల సంగతి. ఇక్కడ మీతో కటువుగానే మాట్లాడాలి. మంచి జర్నల్ ఏదైనా కేస్ రిపోర్టుకు రోగి రాతపూర్వక అంగీకారం అడుగుతుంది. మన దేశంలో డాక్టర్లకున్న 2002 నాటి ప్రవర్తనా నియమావళి కూడా గుర్తుపట్టే విధంగా కేసును ప్రచురించాలంటే రోగి అనుమతి ఉండాలంటుంది. మీకు తెలిసిన ఆయన ఆ సంతకం ఎక్కడి నుంచి తెస్తాడు? ఆత్మహత్యాయత్నం నుంచి బయటపడిన మనిషి ఇంటికి వెళ్లి అడుగుతాడా? అడగడు. ఎవరో ఒకరి చేత పెట్టిస్తాడు. దాని కింద ఉండేది మీ అమ్మాయి పేరు. కేసు రాయించాలంటే కేస్‌షీట్ ఫోటోలు కూడా ఆయన చేతికి ఇవ్వాలి. మీ ఇంట్లో మనిషి ఐసీయూలో ఉంటే, ఆ కాగితాలు ఇలా బేరానికి వెళ్తే ఒప్పుకుంటారా? బిడ్డ ఏడుస్తుంటే మీరు వెతికిన పరిష్కారం ఆమె చేతిలోని పనిని ఇంకొకరికి అప్పగించడం. 'నువ్వు రాయలేవు' అని మీ నోటితోనే చెప్పినట్టయింది.

విద్యార్థుల పేర్లతో జోరుగా వస్తున్న ఈ అచ్చుల మోజు మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. నిజంగా అరుదైన కేసు దొరికి, చికిత్స చేసిన డాక్టరు, టీచరు కలిసి రాస్తే సంతోషం. డాక్టరు లేదా టీచరు సమక్షంలో, రోగి తేరుకున్నాక, తెలుగులో చదివి వినిపించి, వద్దన్నా చికిత్సలో తేడా రాదని చెప్పి అనుమతి తీసుకుంటే అది పద్ధతి. డబ్బిచ్చి వేయించినదాన్ని నర్సు ఉద్యోగానికి ఎవరు అడుగుతున్నారు? ఎయిమ్స్‌లో నర్సు ఉద్యోగాలకు పెట్టే నార్సెట్‌లో పరీక్ష మార్కులే లెక్క. బ్రిటన్‌కు సీబీటీ, ఓస్కీ అనే పరీక్షలు, అమెరికాకు ఎన్‌క్లెక్స్ పరీక్ష, జర్మనీలో గుర్తింపుకు సాధారణంగా బీ2 స్థాయి భాష. ఎంబీబీఎస్ చదివి అమెరికా రెసిడెన్సీకి వెళ్లేవారికి ప్రచురణలు కొంత పనికొస్తాయి. ఆ మాట విని మీ అమ్మాయికి అంటగట్టొద్దు.

కాబట్టి ఆ డబ్బు జర్మన్‌కే పెట్టండి, అది కూడా అమ్మాయికి ఆ దేశం వెళ్లాలని ఉంటేనే. ఆమెను అడిగినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. భాష క్లాసులు ఈ సెమిస్టర్ పోస్టింగులు అయ్యాక మొదలుపెట్టినా ఆలస్యం కాదు. ఈ వారం మాత్రం ఆ మధ్యవర్తికి వద్దని చెప్పండి. ఆయనకు ఇప్పటికే ఏవైనా కాగితాలు పంపి ఉంటే ఆ సంగతి మేడంకు దాచకుండా చెప్పమనండి. అమ్మాయి ఫోనులో కేస్‌షీట్ ఫోటోలు ఉంటే, అందులోంచే కాదు, క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టినవి కూడా తీసేయమనండి.