వేడి గాలి పైకి పోతూ పోతూనే చల్లబడుతుంది

ప్రశ్న: కొండ ఎక్కితే సూర్యుడికి దగ్గరవుతాం కదా, పైగా వేడి గాలి పైకే పోతుందంటారు. మరి పైకి వెళ్లేకొద్దీ చలెందుకు?

దగ్గరవడం సంగతి ముందు తేల్చేద్దాం. సూర్యుడు మనకు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఎవరెస్టు ఎత్తు 9 కిలోమీటర్లకు కాస్త తక్కువ. ఆ 15 కోట్లను 15 కిలోమీటర్లకు కుదించి చూస్తే, ఎవరెస్టు ఎక్కినవాడు సూర్యుడి వైపు ఒక మిల్లీమీటరు కూడా జరిగినట్టు కాదు. అంతెందుకు, ఏడాదిలో భూమి సూర్యుడికి బాగా దగ్గరగా వచ్చేది జనవరి మొదటి వారంలో. జూలైలో కంటే దాదాపు 50 లక్షల కిలోమీటర్లు దగ్గర. మా కోనసీమలో పిల్లలు భోగిమంట కోసం పిడకల దండలు గుచ్చుకునే రోజులవి!

మీ ప్రశ్నలో రెండో సగమే అసలైనది. దాని దగ్గర నేనూ ఒకసారి బోల్తా పడ్డాను. హైస్కూల్లో సైన్సు చెప్పే కొత్తల్లో, "పైన గాలి పలచన, అందుకే వేడి నిలవదు" అని చెప్పి ఊరుకునేవాణ్ణి. ఒకరోజు వెనక బెంచీ కుర్రాడు లేచి, "మాస్టారండీ, ఫ్లాస్కు గోడల మధ్య అసలు గాలే ఉండదన్నారు కదండీ, మరందులో టీ అంతసేపు వేడిగా ఎలా ఉంటుందండీ?" అన్నాడు. గాలి లేకపోవడం వేడిని కాపాడుతుందని ముందు వారమే చెప్పింది నేనే. "రేపు చెప్తాలే" అని బయటపడ్డాను. పలచన అనేది అబద్ధం కాదు, కానీ అది సగం జవాబు.

మిగతా సగం మా నాన్న సైకిల్ షాపులో, నేను చిన్నప్పుడు రోజూ పట్టుకున్న పంపులోనే ఉంది.

ముందు ఒక మాట. ఎండ గాలిని నేరుగా పెద్దగా వేడెక్కించదు. చాలా భాగం గాలిలోంచి దూరిపోయి నేలకు తగులుతుంది. నేల కాలుతుంది, దాన్ని ఆనుకున్న గాలి వేడెక్కుతుంది, అది తేలికై పైకి లేస్తుంది. అంటే గాలికి పొయ్యి కింద ఉంది, నెత్తిన లేదు. ఇక్కడిదాకా అందరూ చెబుతారు. కానీ పొయ్యి కింద ఉన్నంత మాత్రాన పైన చల్లగా ఉండాలని లేదు. అన్నం గిన్నెకూ మంట కిందే, ఆవిరి మాత్రం పైనే చెయ్యి కాలుస్తుంది. మీ అనుమానం కూడా అదే కదా.

ఇప్పుడు పంపు. టైరు గట్టిపడేదాకా ఓ ముప్ఫై సార్లు కొట్టి, పంపు గొట్టం అడుగున పట్టుకుని చూడండి, వేడిగా తగులుతుంది. లోపల వాషరు రాపిడి వల్లేమో అని నేనూ అనుకున్నాను. అందుకని పైపును టైరుకు తగిలించకుండా అన్నే సార్లు కొట్టి చూశాను. వాషరు రాసుకోవడం మామూలే, గొట్టం మాత్రం అంత వేడెక్కలేదు. ఆ వేడి గాలిని నొక్కడం వల్ల వచ్చింది. నొక్కడానికి మన చెయ్యి చేసిన పని గాలిలో వేడిగా మారింది. దీన్నే తిరగేయండి. గట్టిగా ఉన్న ట్యూబు వాల్వు వదిలి వేలు అడ్డం పెడితే గాలి చల్లగా తగులుతుంది. బయటికి వస్తూ అది వ్యాకోచిస్తుంది, చుట్టూ ఉన్న గాలిని నెట్టుకుంటూ చోటు చేసుకోవాలి. ఆ నెట్టే పనికి శక్తి ఎక్కణ్ణుంచి వస్తుంది? తన వేడిలోంచే.

కొండ మీదికి లేచే గాలికీ ఇదే జరుగుతుంది. కింద మన మీద ఉన్న గాలి బరువు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో. పైకి వెళ్లేకొద్దీ నెత్తిన గాలి తగ్గుతుంది కాబట్టి నొక్కుడూ తగ్గుతుంది. 1,000 మీటర్ల ఎత్తుకు పదో వంతు పోతుంది, ఎవరెస్టు మీద మిగిలేది మూడో వంతు. నొక్కుడు తగ్గగానే గాలి ఉబ్బుతుంది, ఉబ్బుతూ తన వేడిని ఖర్చు పెడుతుంది. ఆ లెక్క కచ్చితంగా తెలుసు: ఆవిరి ఇంకా నీటి చుక్కలుగా మారని గాలి ప్రతి 1,000 మీటర్లకు 9.8 డిగ్రీలు చల్లబడుతుంది. మధ్యలో ఎవరూ దాని వేడిని తీసుకోలేదు, చల్లటిదేదీ వచ్చి కలవలేదు. పైకి పోవడమే దాన్ని చల్లబరిచింది.

మా డెల్టా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఇంకో మలుపుంది. లేచిన గాలి చల్లబడి చల్లబడి ఒక ఎత్తులో ఆవిరి నీటి చుక్కలుగా మారుతుంది. మధ్యాహ్నం కొబ్బరితోటల మీద తెల్ల మబ్బులు తేలుతుంటే వాటి అడుగు చూడండి, పీట చెక్కినట్టు చదునుగా, అన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి. ఆ ఎత్తు అదే. అక్కణ్ణుంచి పైకి, ఆవిరి నీరుగా మారుతూ వదిలే వేడి కొంత కలిసొస్తుంది కాబట్టి, గాలి 1,000 మీటర్లకు 5 డిగ్రీలు అటూఇటూగానే చల్లబడుతుంది. పొడిదీ తడిదీ కలిపి వాతావరణం కింది పొరకు సగటు వేసుకుంటే 6.5 డిగ్రీలు వస్తుంది. పుస్తకాల్లో ఉండే అంకె అదే.

పుస్తకం అంకెను నమ్మేముందు మనమూ కొలవాలి కదా. ఓ జనవరిలో పిల్లల్ని లంబసింగి తీసుకెళ్లాం. యానాం, కాకినాడ, తుని మీదుగా నర్సీపట్నం వెళ్లి అక్కడ ఘాట్ ఎక్కాలి. లంబసింగి ఎత్తు సుమారు 1,000 మీటర్లు, మా ఊరు సముద్రమట్టానికి నాలుగైదు మీటర్లకు మించదు. అంటే లెక్కకు గీసి ఇచ్చినట్టు ఒక కిలోమీటరు తేడా. పొద్దున ఊళ్లో చూసి మధ్యాహ్నం కొండ మీద చూస్తే పోలిక కుదరదు, టైము మారిపోతుంది. అందుకని ఒకేలాంటి థర్మామీటర్లు రెండు కొని, ఒకటి ఇంటి వరండాలో నీడన తగిలించి, ఫోన్ చెయ్యగానే చూసి చెప్పమని మా ఆవిడకు అప్పజెప్పాను. ఘాట్లో చెవులు దిబ్బళ్లు పడ్డాయి, పిల్లల చిప్స్ ప్యాకెట్లు బూరెల్లా పొంగాయి. లోపలి గాలి ఉబ్బుతోందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మధ్యాహ్నం రెండింటికి మా వరండాలో 29, లంబసింగిలో చెట్టు నీడన 21. తేడా 8 డిగ్రీలు. 6.5కీ 9.8కీ మధ్య, సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది. ఎండలో నిలబడితే మాత్రం చురుక్కుమంటోంది, ఎందుకంటే ఎండను అడ్డుకునే గాలి, దుమ్ము, తేమ అక్కడ తక్కువ. ఎండ తగ్గి చలి వేయడం కాదది.

ఇక్కడ ఒక పాప మంచి ప్రశ్న వేసింది. చల్ల గాలి బరువు కదా, పైనున్న ఆ 21 డిగ్రీల గాలి కిందికి దిగి మన ఊరికి ఎందుకు రాదు అని. రప్పిద్దాం. దిగేకొద్దీ నొక్కుడు పెరిగి, పంపులోలాగే వేడెక్కుతుంది. 1,000 మీటర్లు దిగేసరికి 21 కాస్తా దాదాపు 31 అవుతుంది. మా ఊళ్లో ఉన్నది 29. అంటే దిగొచ్చిన గాలి మా గాలికంటే వేడి, తేలిక. మళ్లీ పైకే పోతుంది! పైన చల్లగా ఉండటం, కింద వేడిగా ఉండటం అనే ఏర్పాటు పడిపోకుండా ఎలా నిలుస్తుందో ఈ చిన్న లెక్కలో ఉంది. కలిపితే సమానమైపోవడానికి ఇది బకెట్లో నీళ్లు కాదు. ఎంత కలిపినా ఎత్తుకు తగ్గ తేడా మిగిలే తీరుతుంది.

మర్నాడు తెల్లవారుజామున మళ్లీ ఫోన్. ఇంటి దగ్గర 19, మా చేతిలో 5. తేడా 14! థర్మామీటర్ పాడైందేమోనని టెన్షన్ పడి పిల్లల చేత రెండుసార్లు చూపించాను. పాడవలేదు. గాలి ఉబ్బడం వల్ల కిలోమీటరుకు 9.8 కంటే ఎక్కువ రాదు, కాబట్టి మిగతాది ఎత్తు పని కాదు. అది రాత్రి పని. అక్కడ మబ్బు లేదు, నెత్తిన గాలి పలచన, పొడి. పగలు తాగిన వేడిని నేల రాత్రంతా ఆకాశంలోకి వదిలేసుకుంది. వాలుల మీద చల్లబడిన గాలి కిందికి జారి, చుట్టూ కొండలున్న పల్లంలో నీళ్లు నిలిచినట్టు నిలిచిపోయింది. మా వైపైతే తేమ గాలి, పంట కాలువలు, చేపల చెరువులు వేడిని అంత తేలిగ్గా పోనివ్వవు. వెనక బెంచీ కుర్రాడికి చెప్పిన "పలచన" అనే మాట ఇక్కడ నిజంగా పనికొస్తుంది. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద నిలబడి తెల్లారగట్ల కిందికి చూస్తే కనిపించే తెల్లటి మబ్బు సముద్రం అదే, పల్లంలో పేరుకున్న చల్ల గాలి మడుగు. అలాంటి పొద్దుటిపూట కొండ కొమ్ము కంటే లోయ అడుగే చల్లన. అంటే "పైకి వెళ్తే చలి" అనే సూత్రం కొన్ని గంటలపాటు తిరగబడి ఉంటుంది.

ఇంకో అనుమానం రావచ్చు. కొండా నేలే కదా, దానికీ ఎండ తగులుతుంది, అదెందుకు తన గాలిని వేడెక్కించదు? వేడెక్కిస్తుంది. కానీ ఒంటరి శిఖరం చుట్టూ ఆ ఎత్తుకు తగ్గ చల్ల గాలి ఎప్పుడూ వీస్తూనే ఉంటుంది, రాయి ఇచ్చిన వేడి క్షణంలో కొట్టుకుపోతుంది. అదే వందల కిలోమీటర్లు పరుచుకున్న టిబెట్ పీఠభూమిని తీసుకోండి. అక్కడ ఎండాకాలంలో గాలి, అదే ఎత్తులో విడిగా తేలే గాలి కంటే వెచ్చగా ఉంటుంది. పొయ్యి ఎంత పెద్దదైతే అంత. మన నెత్తిన 16, 17 కిలోమీటర్లు దాటాక వేడి తగ్గడం ఆగి, తిరిగి పెరగడం మొదలవుతుంది. అక్కడ ఓజోన్ ఎండలోని అతినీలలోహిత కిరణాలను తానే తాగేస్తుంది కాబట్టి పొయ్యి పైనే ఉన్నట్టు.

లంబసింగి దాకా వెళ్లక్కర్లేదు, తెల్లవారుజామున కింద చల్లన, పైన వెచ్చన అయ్యే ఆ తిరగబడటం మన ఊళ్లోనే చూడొచ్చు. పుష్యమాసంలో తెల్లవారుజామున ఎవరింటి పొయ్యి పొగైనా గమనించండి. కాస్త పైకి లేచి, కొబ్బరిచెట్ల తలల దగ్గర ఆగి, పక్కకు దుప్పటిలా పరుచుకుంటుంది. పొగకంటే పైనున్న గాలి వెచ్చగా ఉంది కాబట్టి అది ఇక లేవలేదు. తొమ్మిదింటికి నేల కాస్త కాలాక అదే పొగ చెట్లు దాటి పైకి పోతుంది.