విజిటింగ్ కార్డుకి ఫాంట్: ముందు ఫోన్ నంబరు, తర్వాతే పేరు

ప్రశ్న: కొత్తగా బొటిక్ పెడుతున్నాను. కార్డు మీద పేరు తెలుగులో కాస్త స్టైల్‌గా ఉండాలి, అడ్రసు, ఫోను, మెయిల్ మాత్రం చిన్న అక్షరాల్లోనూ స్పష్టంగా కనిపించాలి. ఏ ఫాంట్లు, ఎంత సైజులో పెట్టమంటారు?

నేను క్యాటరింగ్ మొదలుపెట్టినప్పుడు మొదటి కార్డు నేనే కూర్చుని చేసుకున్నాను. వెయ్యి కార్డులు వేయించాను, అందులో ఎనిమిది వందలు ఇప్పటికీ మా అటక మీదే ఉన్నాయి. పేరు కోసం రెండు రోజులు ఫాంట్లు వెతికి, మిగతా వివరాలని ఆఖరి పది నిమిషాల్లో ఎలాగోలా ఇరికించాను. తప్పంతా అక్కడే జరిగింది. ఇప్పుడు ఎవరైనా అడిగితే వరస తిప్పి చెబుతాను: ముందు నంబరు, అడ్రసు, మెయిల్‌కి ఫాంటు ఖాయం చేసి వాటిని కార్డు మీద సర్దండి, మిగిలిన చోటులో పేరు ఆడుకోవచ్చు.

నంబరుకి నేను Georgia వాడాను. స్క్రీన్ మీద ఎంత అందంగా కనిపించిందో చెప్పలేను. కానీ ఆ ఫాంటులో అంకెలన్నీ ఒకే ఎత్తులో ఉండవు. 0, 1, 2 పొట్టిగా ఉంటాయి, 3, 4, 5, 7, 9 గీత కిందకి జారతాయి, 6, 8 పైకి లేస్తాయి. పుస్తకంలో వాక్యం మధ్య సంవత్సరం వస్తే ఇది బాగుంటుంది, పది అంకెల ఫోన్ నంబరు మాత్రం మెట్లెక్కి దిగుతున్నట్టు ఉంటుంది. దానికి తోడు నా మెయిల్‌లో ఒక సున్నా ఉంది, దాన్ని అందరూ ఇంగ్లీషు o అనుకుని టైప్ చేశారు, నాకు రావలసిన రెండు ఆర్డర్లు ఎటు పోయాయో తెలియదు. అందుకని ఫాంటు ఎంచుకునే ముందు ఈ రెండు లైన్లు టైప్ చేసి చూడండి:

```
3 8 6 9 5 0
I l 1   O 0   rn m
```

మొదటి లైనులో అంకెలన్నీ ఒకే ఎత్తులో ఉండాలి, 3, 8, 6 ఒకదానికొకటి కలిసిపోకూడదు. రెండో లైనులో ఏది ఏదో మీకు తెలుసు కాబట్టి మీరు చదివితే లాభం లేదు, ఇంకెవరితోనైనా చదివించండి. నా రెండో కార్డుకి IBM Plex Sans వాడాను, అందులో పెద్ద I కి పైనా కిందా అడ్డగీతలుంటాయి, చిన్న l కి తోక ఉంటుంది, పొరపడే అవకాశం తక్కువ. కొన్ని ఫాంట్లలో సున్నా మధ్యలో ఏటవాలుగా గీత ఉంటుంది, మెయిల్‌కి అది మంచిదే కానీ ఏడు పాయింట్ల సైజులో సిరా కొంచెం పాకితే అదే 8 లా కనిపిస్తుంది, ఫోన్ నంబరుకి నేనైతే వాడను.

ఇక సిరా సంగతి. స్క్రీన్ మీద కనిపించే అక్షరం, కాగితం మీద పడే అక్షరం ఒకటి కాదు, కాగితం మీద సిరా అంచులు దాటి కొద్దిగా పాకుతుంది, సన్నటి సందులు పూడుకుపోతాయి. అమెరికాలో టెలిఫోన్ డైరెక్టరీ కోసం 1978లో మాథ్యూ కార్టర్ బెల్ సెంటెనియల్ అనే ఫాంటు చేసినప్పుడు, గీతలు కలిసే మూలల్లో కావాలనే గాట్లు పెట్టాడు, సిరా పాకి ఆ గాట్లు నిండాకే అక్షరం సరైన ఆకారానికి వచ్చేది. మన కార్డుకి అంత అక్కర్లేదు కానీ లావు అక్షరాలు చిన్న సైజులో పెడితే ఏమవుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. నేను తెలుగు అడ్రసుని Ramabhadra లో ఆరు పాయింట్లకి కుదించాను. అది హెడ్డింగులకి చేసిన లావు ఫాంటు, అంత చిన్నగా పెట్టేసరికి థ లో చుక్క పూడిపోయింది, ఫ కాస్తా ప లా కనిపించింది.

ఇంకో పొరపాటు రంగు. వివరాలని నలుపు కాకుండా అరవై శాతం బూడిద రంగులో పెట్టాను, స్టైల్ అని. ప్రెస్సులో మామూలుగా బూడిద సిరా అని వేరే వాడరు, నల్ల సిరానే చిన్న చిన్న చుక్కలుగా వేస్తారు. పెద్ద అక్షరంలో ఆ తేడా తెలియదు, చిన్న అక్షరానికి మాత్రం అంచులు ఎలుక కొరికినట్టు వస్తాయి. వివరాలన్నీ నూరు శాతం నలుపు ఒక్కటే ఉండేలా చూడండి. నాలుగు రంగులు కలిపిన నలుపూ వద్దు, ఒక రంగు వెంట్రుకవాసి జరిగినా అక్షరం పక్కన నీడ పడుతుంది. ముదురు రంగు మీద తెల్ల అక్షరాలు పెట్టాలని మీకు ముచ్చటగా ఉంటే అది పేరు వరకే ఉంచుకోండి.

రెండో కార్డు లెక్క ఇది: మామూలు మూడున్నర అంగుళాలు, రెండు అంగుళాల కార్డు, చుట్టూ ఐదు మిల్లీమీటర్ల ఖాళీ. తెలుగు అడ్రసు Noto Sans Telugu రెగ్యులర్‌లో ఎనిమిది పాయింట్లు, ఒక లైను అడుగు నుంచి తర్వాతి లైను అడుగుకి పన్నెండున్నర. ఇంగ్లీషుకి పది చాలు, తెలుగుకి చాలదు, పై లైను వత్తులు కింది లైను గుడుల్ని గుద్దుతాయి. మెయిల్ ఏడున్నర. నంబరు తొమ్మిది, కొంచెం లావుగా, ఐదు అంకెల తర్వాత ఒక ఖాళీ. చోటు చాలకపోతే అక్షరం తగ్గించకండి, మాటలు తగ్గించండి. నేను నా అడ్రసులోంచి "పక్కన", "ఎదురుగా" అని రెండు గుర్తులు రాసినదాంట్లో ఒకటి తీసేశాను, ఎవరూ దారి తప్పలేదు.

పేరు దగ్గర మీ ఇష్టం, కానీ ఫాంటుని దాని శాంపిల్ మాట చూసి ఎంచుకోవద్దు, మీ పేరే టైప్ చేసి చూడండి. మా పేరులో న్న, ర్ణ రెండూ ఉన్నాయి. ఒక అలంకార ఫాంటులో తలకట్లు ముచ్చటగా ఉన్నాయి కానీ ణ వత్తు మాత్రం అక్షరానికి సంబంధం లేనట్టు ఎక్కడో కింద వేలాడింది. చివరికి Baloo Tammudu 2 బోల్డ్‌లో ఇరవై రెండు పాయింట్లు పెట్టాను, గుండ్రంగా, తిండి వ్యాపారానికి సరిపోయేలా ఉంది. బొటిక్‌కి అది మరీ బొద్దుగా అనిపించొచ్చు. Anek Telugu చూడండి, అందులో సన్నం నుంచి లావు దాకా, ఇరుకు నుంచి వెడల్పు దాకా అన్నీ ఉన్నాయి, సన్నటి వెడల్పు రకం పెద్ద సైజులో చీరంచులా హుందాగా ఉంటుంది. అదే సన్నటి రకాన్ని అడ్రసుకి మాత్రం వాడకండి. నేను వాడమన్న ఫాంట్లన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితమే.

డీటీపీ షాపులో ఒక చిక్కు ఉంది. చాలాచోట్ల ఇప్పటికీ Anu అనే తెలుగు ఫాంట్లతో పని చేస్తారు, అవి మనం ఫోన్లో టైప్ చేసే యూనికోడ్ కావు, కాబట్టి మీ మ్యాటర్ అంతా మళ్ళీ టైప్ చేస్తారు, తప్పులు దొర్లుతాయి. పాత సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ పేస్ట్ చేస్తేనేమో వత్తులు విడిపోయి, పొల్లు గుర్తు విడిగా నిలబడుతుంది. నేను Inkscape అనే ఉచిత డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేసి, Path మెనూలో Object to Path కొట్టి అక్షరాలని గీతలుగా మార్చి పీడీఎఫ్ ఇచ్చాను. అలా మార్చాక అక్షరాలు దిద్దలేం, అందుకని మార్చకముందు ఫైలు ఒకటి దాచుకోండి.

ఆర్డర్ ఇచ్చే ముందు అసలు సైజులో, నూరు శాతంలో ప్రింట్ తీసి కత్తిరించండి. మా అత్తయ్యకి అరవై దాటాయి, సాయంత్రం వరండా లైటు కింద ఆవిడ చేతికిచ్చి, నా నంబరు ఫోన్లో సేవ్ చేసుకోలేదు కదా, ఆ కాగితం చూసి నాకు ఫోన్ చేయమన్నాను. రెండో కార్డు ప్రూఫ్‌కి మొదటిసారే మోగింది. అటక మీద ఉన్న పాత కార్డు కూడా ఇచ్చి చూశాను, 6 ని 8 అనుకుని ఎవరికో చేసేసింది.