సీటీసీ చూసి సంతకం పెట్టకండి

ప్రశ్న: మా అమ్మాయి బీకాం పూర్తి చేసింది. విజయవాడలో ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో క్లర్క్‌గా ఆఫర్ లెటర్ ఇచ్చారు. ఫోన్‌లో పదిహేడు వేలన్నారు. లెటర్‌లో సీటీసీ నెలకు 16,928, ప్రొబేషన్ ఆరు నెలలు, ‘వీలైనంత త్వరగా చేరాలి’ అని ఉంది. సంతకం పెట్టొచ్చా?

జవాబు: ముందు జీతం సంగతి తేల్చుకోండి. సీటీసీ అంటే కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చు, చేతికొచ్చే డబ్బు కాదు. దాని కింద విడివిడిగా ఏముందో అడగండి. ఉదాహరణకు బేసిక్ 12,000, ఇంటి అద్దె అలవెన్సు 3,000 అనుకుందాం. అప్పుడు గ్రాస్ 15,000. కంపెనీ తన వంతుగా కట్టే పీఎఫ్ బేసిక్‌లో 12 శాతం, అంటే 1,440. ఈఎస్‌ఐ గ్రాస్‌లో 3.25 శాతం, అంటే 488. ఇవన్నీ కలిపితేనే మీరు చూసిన 16,928 అవుతుంది. ఇక మీ అమ్మాయి వాటాగా పీఎఫ్ మరో 1,440, ఈఎస్‌ఐ 113 కోస్తారు. ఒకటో తారీఖున బ్యాంకులో పడేది 13,447. పీఎఫ్ డబ్బు ఎక్కడికీ పోదు, ఆమె ఖాతాలోనే ఉంటుంది. కానీ హాస్టల్ ఫీజు, బస్ పాసు లెక్క వేసుకోవాల్సింది ఈ 13,447తోనే. విడివిడిగా రాసివ్వడానికి నసిగారంటే అక్కడే అనుమానించాలి.

ప్రొబేషన్ ఆరు నెలలు మామూలే. ‘అవసరమైతే పొడిగిస్తాం’ అన్న మాట ఉంటే మాత్రం ఎన్ని నెలల వరకో రాయించుకోండి. గడువు అయిపోగానే దానంతటదే పర్మనెంట్ అవుతుందనుకోకండి. లెటర్‌లో అలా లేకపోతే కన్ఫర్మేషన్ కాగితం అడిగి తీసుకోవాలి. మధ్యలో మానేస్తే నోటీసు ఎన్ని రోజులు, వాళ్లు తీసేస్తే ఎన్ని రోజులు అన్నది పక్కపక్కనే పెట్టి చూడండి. వాళ్లకు ఒక్క రోజు, మనకు నెల అని రాసే ఆఫీసులూ ఉన్నాయి. ప్రొబేషన్‌లో ఉంటే పీఎఫ్, ఈఎస్‌ఐ ఉండవని ఎవరైనా చెబితే నమ్మకండి. ఈ చట్టాలు వర్తించే సంస్థలో అవి చేరిన రోజు నుంచే కట్టాలి.

పనుల దగ్గర ‘ఆఫీసు పనులు, యాజమాన్యం చెప్పే ఇతర పనులు’ అని ఒక్క ముక్కతో సరిపెడతారు. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లారీ రసీదులు రాయడం, ఇన్‌వర్డ్ రిజిస్టర్, బిల్లుల ఎంట్రీ వరకు సరే. డ్రైవర్లకు అడ్వాన్సు ఇచ్చే నగదు కూడా ఆమె చేతిమీదుగా నడుస్తుందా అని తప్పక అడగండి. నడిస్తే, తక్కువొచ్చిన డబ్బుకు ఎవరు జవాబుదారీ, రోజూ లెక్క సరిచూసి సంతకం చేసేదెవరు అన్నవి లెటర్‌లో ఉండాలి. నాకైతే జీతంలో ఐదొందల తేడా కన్నా ఇదే పెద్ద విషయం.

చేరే తేదీ లేకుండా సంతకం వద్దు. జీతం, ప్రొబేషన్ రెండూ ఆ రోజు నుంచే లెక్క. ఫోన్‌లో వాదన పెట్టుకోకుండా అమ్మాయి చేత ఇలా మెయిల్ పెట్టించండి: ‘ఆఫర్‌కు ధన్యవాదాలు. జీతం వివరాలు, నోటీసు గడువు, నగదు బాధ్యత, చేరాల్సిన తేదీ, రిపోర్ట్ చేయాల్సిన చోటు చేర్చి సవరించిన లెటర్ పంపగలరు. అందిన రెండు రోజుల్లో సంతకం చేసి పంపుతాను.’