బాతుపిల్లకు తల్లి మచ్చికవుతుందా, ముద్ర పడుతుందా?

సందేహం: పిల్లల పత్రికకు బాతుల మీద చిన్న వ్యాసం రాస్తున్నాను. గుడ్డులోంచి వచ్చిన బాతుపిల్ల మొదట కదిలిన దాని వెంట పడుతుంది కదా, ఇంగ్లీషులో దాన్ని ఇంప్రింటింగ్ అంటారు. నేను ‘పిల్ల తల్లికి మచ్చికవుతుంది’ అని రాశాను. నా స్నేహితురాలు దాన్ని కొట్టేసి ‘తల్లి మీద ముద్రణ చెందుతుంది’ అని దిద్దింది. ఏది సరైనది? అలాగే పిల్లలు తల్లి వెనక ‘వరుసగా’ వెళ్తాయనాలా, ‘బారుగా’ అనాలా?

సమాధానం: రెండు వాక్యాలూ మార్చాల్సినవే. మీ వాక్యంలో తెలుగు బాగుంది కానీ విషయం తప్పింది. మీ స్నేహితురాలి వాక్యంలో విషయం దగ్గరకొచ్చింది కానీ తెలుగు తలకిందులైంది.

ముందు మచ్చిక సంగతి. మచ్చిక అనగానే మనకు తట్టేది మొదట బెదిరే ప్రాణి. దానికి రోజూ మేత పెడతాం, దగ్గరకు తీస్తాం, కొన్నాళ్లకు బెదురు పోతుంది. అంటే మచ్చికకు మూడు కావాలి: ముందే ఉన్న బెదురు, గడిచిన రోజులు, మధ్యలో తిండో లాలనో. బాతుపిల్ల విషయంలో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. తల్లి దాని నోటికి తిండి అందించదు, పిల్లే ఏరుకుని తింటుంది. పట్టేది రోజులు కాదు, గంటలు. ఇక బెదురు అప్పటికి ఇంకా పుట్టనే లేదు. అసలు కిటుకంతా అక్కడే ఉంది.

ఈ విషయాన్ని చక్కగా చూపించిన ప్రయోగం ఒకటుంది. 1950లలో ఎకార్డ్ హెస్ అనే శాస్త్రవేత్త అడవిబాతు గుడ్లను యంత్రంలో పొదిగించి, పిల్లలను చీకట్లో ఉంచాడు. పుట్టి ఎన్ని గంటలైందో లెక్క పెట్టుకుంటూ ఒక్కో పిల్లను గుండ్రటి దారిలో వదిలాడు. ఆ దారిలో ఒక మగబాతు బొమ్మ శబ్దం చేస్తూ కదులుతుంటుంది. తర్వాత పరీక్ష: ఒక పక్క ఆ మగబాతు బొమ్మ, మరో పక్క ఆడబాతు బొమ్మ. పుట్టిన 13 నుంచి 16 గంటల మధ్య ఆ బొమ్మ వెంట నడిచిన పిల్లలు అన్నిటికంటే గట్టిగా దాన్నే ఎంచుకున్నాయి. మరీ ముందు వదిలిన పిల్లలకు కాళ్లింకా స్థిరపడలేదు, సరిగా వెంబడించలేవు. ఆలస్యంగా వదిలిన వాటికి కొత్తదంటే భయం మొదలైంది, వెంట పడాల్సింది పోయి తప్పించుకు తిరుగుతాయి. నడక వచ్చి, బెదురు ఇంకా రాని ఆ కాస్త వ్యవధిలోనే పని జరిగిపోతుంది. బెదురు పోగొట్టేది మచ్చిక. ఇది బెదురు పుట్టకముందే ముగిసేది. అందుకే ఇక్కడ మచ్చిక అనే మాట నప్పదు.

‘ముద్ర’ అనే ఊహ మాత్రం సరైనదే. ఆస్ట్రియా శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ 1935లో దీని గురించి రాసినప్పుడు వాడిన జర్మన్ మాట ‘ప్రేగుంగ్’. నాణెం మీద ముద్ర కొట్టడాన్ని అనే మాట అది. ఇంగ్లీషు మాట దాని తర్వాత వచ్చింది. మనకూ నాణెం మీద పడేది ముద్రే కాబట్టి పోలిక చెడకుండా తెలుగులోకి వస్తుంది. కానీ ‘ముద్రణ’ అనకండి. ఆ మాట వినగానే అచ్చాఫీసు, పుస్తకం గుర్తొస్తాయి. పైగా ముద్రణ ఒకరు పూనుకుని చేసే పని. బాతుపిల్ల దగ్గర ఆ పని చేసేవాళ్లెవరూ లేరు. తల్లి తన దారిన తాను నడుస్తుంది, అంతే. ఇలా దానంతటది జరిగేదాన్ని చెప్పడానికి మనకు ‘పడు’ ఉంది. మరక పడింది, మచ్చ పడింది అన్నట్టే ముద్ర పడింది.

ఇక ‘తల్లి మీద’ అన్నది అసలు తప్పు. ఇంగ్లీషు వాక్యంలో పిల్ల కర్త, తల్లి పక్కన ‘మీద’ అనే అర్థమిచ్చే మాట ఉంటుంది. దాన్ని అలాగే తెస్తే, తెలుగులో ముద్ర తల్లి ఒంటి మీద పడినట్టవుతుంది. మన భాషలో దేని మీద పడితే అదే మారుతుంది. మారుతున్నది పిల్ల కాబట్టి ‘పిల్ల మనసులో తల్లి ముద్ర పడుతుంది’ అనాలి. తల్లి బదులు బొమ్మ కనబడితే బొమ్మ ముద్ర పడుతుంది.

ఇంకో జాగ్రత్త. ముద్ర అనగానే కలం దానంతటదే ‘చెరగని’ అని ముందు చేర్చేస్తుంది. ఇక్కడ ఆపుకోండి. ఇది ఎప్పటికీ మారదని లోరెంజ్ అనుకున్న మాట నిజమే. కానీ తర్వాతి ప్రయోగాల్లో, బొమ్మకు అలవాటుపడిన పిల్లల్లో కొన్ని మరోదానితో ఎక్కువకాలం గడిపాక దానివైపు మళ్లాయి. గట్టి ముద్ర అనండి, సరిపోతుంది.

మీరు రాసిన ‘మొదట కదిలిన దాని వెంట’ అన్న మాటకూ ఒక సవరణ కావాలి. కదలిక ఒక్కటే చాలదు. పెద్దబాతు పిల్లలు లోరెంజ్ వెంట సులభంగానే నడిచాయి కానీ అడవిబాతు పిల్లలు ఆయన్ని చూసి దూరం జరిగాయి. ఆయన గొంతుక్కూర్చుని జరుగుతూ, తల్లిబాతులా ఆపకుండా అరుస్తుంటేనే అవి వెంట వచ్చాయి. అరుపు ఆపినా, లేచి నిలబడినా పిల్లలు కంగారుపడి ఏడుపు లంకించుకునేవి. బాతుపిల్లకు చెవి ముందు పనిచేస్తుంది. గుడ్డులో ఉండగానే శబ్దాలు వింటుంది, తన జాతి తల్లి పిలుపు వైపు మొగ్గుతో బయటికొస్తుంది. ఆ పిలుపుకు ఒక రూపాన్ని జతచేసేది ఈ ముద్ర. కాబట్టి ‘మొదటి గంటల్లో దగ్గరగా కదులుతూ, పిలుస్తూ ఉన్నదాని ముద్ర’ అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

వరుస, బారు రెండూ తప్పు కాదు, కానీ నేను బారునే ఎంచుకుంటాను. ‘వరుసగా’ అంటే ఒకదాని తర్వాత ఒకటి అనే కాలక్రమం కూడా వస్తుంది (వరుసగా మూడు రోజులు అంటాం కదా), పక్కపక్కన నిలబడ్డా వరుసే. ‘బారు’ అనగానే చీమల బారు కళ్లకు కడుతుంది. ఒకదాని వెనకొకటి, పొడుగ్గా, సాగుతూ ఉండేది. అయితే ఆ బారుకు కారణం ముద్రే అని రాయకండి. తల్లిని వదలకపోవడానికి ముద్ర కారణం, ఇంత తీరుగా ఉండటానికి కాదు. నీళ్లలో ఆ తీరుకు మరో లాభం ఉందని 2021లో వచ్చిన ఒక లెక్క చూపింది: తల్లి వెనక సరైన చోట ఈదే పిల్లకు తల్లి లేపిన అల ఎదురు తగలకపోగా ముందుకు తోస్తుంది, ఆ సాయం వెనకున్న పిల్లలకూ అందుతూ పోతుంది.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘పుట్టిన కొద్ది గంటల్లోనే బాతుపిల్ల మనసులో తల్లి ముద్ర పడుతుంది. అప్పటినుంచి అది తల్లిని వదలదు. పిల్లలన్నీ బారుగా తల్లి వెనకే సాగుతాయి.’