నాన్న బూటులో దొరికిన మేకు

ప్రశ్న: చెప్పులు కుట్టేవాళ్లు మన చెప్పులు చూసి మన గురించి చెప్పేస్తారంటారు, నిజమేనా? ఎవరికైనా అనుభవం ఉందా?

మా నాన్న విషయంలో నిజమైంది. మాది కావలి. నాన్న లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు, పన్నెండేళ్లుగా షుగరు ఉంది. పాత విద్యార్థులేదో ఫంక్షన్‌కి పిలిచారని, సోలు ఊడిపోయిన పాత తోలు బూట్లు తీసుకుని రైల్వే స్టేషన్ రోడ్డులో కూర్చుని చెప్పులు కుట్టే ముసలాయన దగ్గరికి బయల్దేరారు, నేనూ వెంట వెళ్లాను.

మడమలు బయటివైపు అరిగాయి, అది చాలామందికి మామూలే, ఆ తాత దాన్ని పట్టించుకోలేదు. తోలు కుట్టే ఆరె పట్టుకోకముందే కుడి బూటులోకి చెయ్యి పెట్టి వేళ్లతో లోపలంతా తడిమాడు, ఒకచోట ఆగాడు. బియ్యపు గింజంత మేకు మొన అట్టలోంచి పైకొచ్చి ఉంది, చుట్టూ ఎండిన మరక.

"అయ్యవారా, ఇది ఎన్నాళ్లుగా గుచ్చుకుంటా ఉంది?"

"గుచ్చుకోవడమేంటయ్యా, నాకేం తెలియలేదే!"

"అదే చెడ్డది. సాక్సు తీయండి."

బొటనవేలు మొదట్లో ఆనెకాయ, దాని మధ్యలో చిన్న రంధ్రం, తడిగా ఉంది. నాకు కాళ్లు వణికాయి, నాన్నకి మాత్రం నొప్పే లేదు. ఇంతకీ ఆ మేకు ఎవరిదో కాదు, ఖర్చెందుకని నెల కిందట ఆయనే ఇంట్లో సుత్తితో కొట్టుకున్నది (ఇది అమ్మకి చెప్పొద్దని అక్కడే నాకు సైగ).

తాత వయసులో ఉన్నప్పుడు ఒక కుష్టు ఆసుపత్రిలో చెప్పులు చేసేవాడట. స్పర్శ పోయిన కాలికి మేకు తగిలినా తెలీదు కాబట్టి అక్కడ మేకులు వాడేవాళ్లు కాదు, చెప్పు వేసుకునే ముందు చెయ్యి పెట్టి చూసుకోమని చెప్పేవాళ్లు. షుగరు కాలూ అంతేనన్నాడు.

మేకు లాగేసి, సోలుని మైనం పట్టించిన దారంతో కుట్టాడు, కానీ పుండు మానేదాకా ఇవి తొడగొద్దని నాన్న చేతికివ్వకుండా నాకిచ్చాడు. ఆ సాయంత్రమే డాక్టర్ దగ్గరికి వెళ్లాం. నాన్నని కళ్లు మూసుకోమని సన్నటి నైలాన్ తీగతో అరికాళ్ల మీద ముట్టిస్తే, చాలాచోట్ల "ముట్టారా?" అని ఆయనే ఎదురడిగారు. నరాలు దెబ్బతిన్నాయన్నారు. ఆ కాలి మీద బరువు పడకుండా చూసుకుంటూ, డ్రెస్సింగ్ మారుస్తూ రెండు నెలలు. ఫంక్షన్ పోయింది.

తర్వాత తాతే ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరుతో చెప్పులు చేసిచ్చాడు, మడమ వెనక పట్టీతో, ఒక్క మేకూ లేకుండా. ఆ రబ్బరు కొనేటప్పుడు బొటనవేలితో గట్టిగా నొక్కితే దిగి, వదలగానే పైకి రావాలట. దిగకపోతే గట్టిది, లేవకపోతే చచ్చిపోయిందని ఆయన లెక్క.

ఇప్పుడు నాన్న గడప దాటే ముందు చెప్పులు తిరగేసి దులిపి, లోపలంతా తడిమి చూస్తారు. సుత్తి సంగతి ఎలాగో అమ్మకి తెలిసిపోయింది, ఎక్కడ దాచిందో మాత్రం మా ఇద్దరికీ చెప్పలేదు.