ముందు తాళాలిచ్చే చోటు తెలుసుకో

అమ్మలూ,

నువ్వు పంపిన అడ్మిషన్ లెటర్ చూశాను. దాని పైన ఉన్న అడ్రస్ యూనివర్సిటీ ఆఫీసుది, హాస్టల్‌ది కాదు. గది కేటాయిస్తూ పంపిన కాగితం తీసి చూడు, అసలు అడ్రస్ అందులో ఉంటుంది. అక్కడ కూడా ఒక మెలిక ఉంది. గది ఉన్న బిల్డింగ్ ఒకచోట, తాళాలిచ్చే ఆఫీసు ఇంకోచోట ఉండొచ్చు. అలా ఉంటే ఎయిర్‌పోర్ట్ నుంచి నువ్వు నేరుగా వెళ్లాల్సింది తాళాల దగ్గరికే.

అందుకని హాస్టల్ ఆఫీసుకి ఇవాళే మెయిల్ రాయి. బిల్డింగ్ పేరు, నంబర్, పోస్టల్ కోడ్ నువ్వే రాసి, ఇవి సరైనవేనా అని అడుగు. తాళాలు ఎక్కడ ఇస్తారో, ఎన్ని గంటల వరకు ఇస్తారో అడుగు. విమానం దిగే టైమ్ కాదు, ఆఫీసు గుమ్మంలోకి నువ్వు చేరే టైమ్ చెప్పు. శనివారం సాయంత్రం 4కి దిగావనుకో. ఇమిగ్రేషన్, బ్యాగులు అయ్యేసరికి 6 అవుతుంది, రైలు ప్రయాణం గంటన్నర అనుకున్నా ఏడున్నర దాటుతుంది. అప్పటికి ఆఫీసు మూసేస్తే తాళం ఎవరి దగ్గర ఉంటుంది? సోమవారం రమ్మంటే ఆ రెండు రాత్రులకీ దగ్గర్లో గది ఇప్పుడే బుక్ చేసుకో. మధ్యలో ఎవరైనా వాట్సాప్‌లో అడ్రస్ మారిందని చెబితే, యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఉన్న మెయిల్‌కి రాసి కనుక్కునేదాకా నమ్మకు.

పోస్టల్ కోడ్ ఎందుకంటే, ఒకే పేరుతో రెండు ఊళ్లు ఉంటాయి. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌లు రెండు. పెద్ద ఎయిర్‌పోర్ట్ ఉన్నది మైన్ నది ఒడ్డున ఉన్న ఊళ్లో. వియాద్రినా యూనివర్సిటీ ఉన్న ఫ్రాంక్‌ఫర్ట్ మాత్రం ఓడర్ నది ఒడ్డున, పోలండ్ సరిహద్దులో ఉంది. అక్కడ చదివేవాళ్లు బెర్లిన్‌లో దిగి రైలెక్కాలి. పేరు చూసి టికెట్ కొన్నవాళ్లు దేశానికి అడ్డంగా ప్రయాణం చెయ్యాల్సిందే.

మ్యాప్‌లో హాస్టల్ పేరు ఒక్కటే కొట్టకు, అడ్రస్ మొత్తం టైప్ చెయ్యి. వీధి ఫొటోలు ఉంటే బిల్డింగ్ గుమ్మం ఎటువైపు ఉందో చూసుకో. దారి వెతికేటప్పుడు బయలుదేరే తేదీ, టైమ్ మార్చడం మర్చిపోకు. మార్చకపోతే ఈ నిమిషంలో నడిచే బస్సులు చూపిస్తుంది. రాత్రిపూట, ఆదివారం అవి ఉండకపోవచ్చు. ప్రయాణానికి రెండు రోజుల ముందు ఇంకోసారి చూడు, ట్రాక్ పనుల వల్ల రైళ్లు మారుతుంటాయి. చివరి బస్టాప్ నుంచి గుమ్మం దాకా ఎంత నడవాలో కూడా చూడు. రెండు పెద్ద బ్యాగులతో అర కిలోమీటరు కూడా కష్టమే, ఆ చివరి ముక్కకి ట్యాక్సీ ఎక్కు.

అడ్రస్, ఆఫీసు ఫోన్ నంబర్ అక్కడి లిపిలోనే కాగితం మీద రాసుకో. ఫోన్ చార్జింగ్ అయిపోయినా డ్రైవర్‌కి చూపించొచ్చు, ఇమిగ్రేషన్‌లో ఎక్కడ ఉంటావని అడిగినా చూపించొచ్చు. మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దాచుకో.

వాళ్ల జవాబు రాగానే నాకు ఫార్వర్డ్ చెయ్యి. శనివారం రాత్రి సంగతి అందులో లేకపోతే మళ్లీ రాయి.

నీ పెదనాన్న