చెంబరంబాక్కం గేట్లు ఎత్తిన రోజు మా గ్రూప్‌లోకి వచ్చిన చార్ట్

ప్రశ్న: అచ్చం వార్తలాగే ఉన్న ఒక పోస్ట్ మా అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో తిరుగుతోంది. అంకెలున్నాయి, చార్ట్ కూడా ఉంది. అబద్ధం అనలేను, పూర్తిగా నమ్మనూ లేను. ఎక్కడి నుంచి చూడటం మొదలుపెట్టాలి?

జవాబు:

మేం చెన్నైలో మనపాక్కంలో, అడయార్ నదికి దగ్గర్లో ఉంటాం. 2015 డిసెంబర్‌లో మా కింది ఇంట్లోకి నీళ్లొచ్చాయి. అందుకే 2020 నవంబర్ 25న, నివర్ తుఫాను రోజు, ఆ నదిలోకి నీళ్లు వదిలే చెంబరంబాక్కం చెరువు గేట్లు ఎత్తారనగానే అందరికీ టెన్షన్ పట్టుకుంది. సాయంత్రానికి మా తెలుగు గ్రూప్‌లోకి ఒక పోస్ట్ వచ్చింది. "చడీచప్పుడు లేకుండా ఊరి మీదకి నీళ్లు వదిలేశారు, ఒక్క రోజులో 400 శాతం పెంపు" అని హెడ్డింగ్, కింద నిటారుగా లేచిన రెండు స్తంభాల చార్ట్. నెల్లూరు నుంచి మా పిన్ని కూడా అదే పంపి, "వెంటనే బయల్దేరి వచ్చెయ్యండి" అంది.

నేను ముందు చార్ట్ చూశాను. చార్ట్‌లో మొదట చూడాల్సింది స్తంభాలు కాదు, ఎడమవైపు అడుగున ఉన్న అంకె. అక్కడ సున్నా లేదు, 20 ఉంది. స్తంభాలు చెరువు నీటిమట్టాన్ని అడుగుల్లో చూపిస్తున్నాయి: మొదటిది 21, రెండోది 22. గీత 20 దగ్గర మొదలైతే మొదటి స్తంభం ఎత్తు ఒకటి, రెండోదాని ఎత్తు రెండు. నీళ్లు రెట్టింపు అయ్యాయని కన్ను నమ్మేస్తుంది. కాగితం మీద సున్నా నుంచి మళ్లీ గీశాను. తేడా 5 శాతం కూడా లేదు.

అలాగని సున్నా నుంచి గీసిందే సరైన చార్ట్ అనుకోకండి. ఇక్కడ అదీ తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే అందులో అంతా నిదానంగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఆ చెరువు నిండు మట్టం 24 అడుగులు. 22 అంటే మిగిలింది రెండే అడుగులు. చెరువు పైకి వెళ్లేకొద్దీ వెడల్పవుతుంది కాబట్టి పై అడుగులో పట్టే నీళ్లు కింది అడుగులో పట్టేవాటికంటే ఎక్కువ. నిజాయితీగా గీసినవాళ్లు 24 దగ్గర ఒక గీత పెట్టి "ఇది నిండు మట్టం" అని రాసేవాళ్లు. మనకి కావాల్సిన ఆ ఒక్క గీత పోస్ట్‌లో లేదు.

తర్వాత 400 శాతం. ఈ అంకె అబద్ధం కాదు. అది చెరువు మట్టం గురించి కాదు, వదిలే నీళ్ల గురించి: మధ్యాహ్నం 1,000 క్యూసెక్కులతో మొదలుపెట్టి సాయంత్రానికి 5,000 చేశారు. లెక్క సరిపోయింది. కానీ మొదలు చిన్నదైతే శాతం ఎప్పుడూ పెద్దగానే వస్తుంది. శాతం కనిపిస్తే దాని వెనకున్న అసలు అంకె రాసుకుని, మనకు తెలిసిన ఇంకో అంకె పక్కన పెట్టాలి. 2015 వరదలో ఇదే చెరువు నుంచి 29,000 క్యూసెక్కుల దాకా వదిలారు. 5,000 అందులో ఆరో వంతు.

అంతకంటే పెద్ద లోటు, బయటికి వదిలేది చెప్పి లోపలికి వచ్చేది చెప్పకపోవడం. వచ్చేది ఎక్కువైతే మట్టం పెరుగుతుంది, వదిలేది ఎక్కువైతే తగ్గుతుంది. ఒక్క వైపు అంకెతో చెరువు ఎటు పోతోందో ఎవరూ చెప్పలేరు. నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఇదే. జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చదివే రోజున సగం లెక్క చూపించడం చాలా తప్పు.

మాటలు చివర్లో చూశాను. బరువున్న మాట తీసేసి చప్పిడి మాట పెడితే ఎంత మిగులుతుందో చూడాలి. "వదిలేశారు" బదులు "విడుదల చేశారు", "ఊరి మీదకి" బదులు "అడయార్‌లోకి". "చడీచప్పుడు లేకుండా" అన్నది మాత్రం రంగు కాదు, ఆరోపణ. దాన్ని మార్చకూడదు, సరిచూడాలి. గేట్లు మధ్యాహ్నం తెరుస్తారని ముందే ప్రకటించారు, టీవీల్లో వచ్చింది. ఆ ముక్క నిలబడలేదు.

ఇంత చూశాక కూడా ప్రమాదం లేదని నేను అనలేదు. అడయార్‌లోకి ఈ ఒక్క చెరువు నీళ్లే రావు, దారిలో ఆదనూరు, మణిమంగళం లాంటి వేరే చెరువుల నీళ్లూ కలుస్తాయి. గేట్ల లెక్క ఎంత సరిగ్గా ఉన్నా మా వీధి సంగతి అది చెప్పలేదు. గ్రూప్‌లో ఆ చార్ట్ కింద నేను మూడే ముక్కలు రాశాను: నిండు మట్టం 24 అడుగులు, ఇప్పుడు 22, లోపలికి వచ్చే నీటి లెక్క ఇందులో లేదు. పిన్నికి ఫోన్ చేసి రావట్లేదని చెప్పాను. కారు మాత్రం తీసుకెళ్లి ఎత్తులో ఉన్న వీధిలో పెట్టాను, కింది ఇంటివాళ్ల సామాన్లు మా ఇంట్లోకి చేరవేశాం.